పోస్ట్‌టెస్ట్ మార్కుల్లో జెడ్‌పీడీ కనిపించదు

“సైన్స్ క్లాసులో గ్రూప్ వర్క్ మీద స్టడీ చేస్తున్నారా? థియరిటికల్ ఫ్రేమ్‌వర్క్‌కి వైగోట్‌స్కీ జెడ్‌పీడీ పెట్టేయండి. ప్రతి గ్రూపులో బాగా చదివే ఒకరిని వేయండి. ప్రీటెస్ట్ నుంచి పోస్ట్‌టెస్ట్‌కి పెరిగిన మార్కులే జెడ్‌పీడీ. స్కాఫోల్డింగ్ కూడా వైగోట్‌స్కీదే, వేరే థియరీ అక్కర్లేదు.”

గ్రూప్ వర్క్ మీద స్టడీ మొదలుపెట్టేవాళ్లకు ఇలాంటి సలహా ఇస్తుంటారు. అందులో ముందు మార్కుల సంగతి చూద్దాం, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒంటరిగా చేయగలిగిన దానికీ, పెద్దల సాయంతోనో తనకన్నా తెలిసిన తోటివారితో కలిసో చేయగలిగిన దానికీ మధ్య ఉన్న దూరాన్ని మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం అన్నాడు, జెడ్‌పీడీ అంటే అదే. ప్రీటెస్ట్, పోస్ట్‌టెస్ట్ రెండూ పిల్లవాడు ఒంటరిగా రాసేవే. అంటే రెండుసార్లూ మనం కొలిచింది మొదటి సగాన్నే. వైగోట్‌స్కీ ఇచ్చిన ఉదాహరణ సరిగ్గా ఇదే చెబుతుంది. ఇద్దరు పిల్లల మానసిక వయసు పరీక్షలో 8 ఏళ్లే వచ్చింది. సాయం చేస్తే ఒకరు 12 ఏళ్ల స్థాయి లెక్కల వరకు వెళ్లారు, ఇంకొకరు 9 దగ్గరే ఆగారు. పరీక్ష వాళ్లను సమానం అంది, సాయం ఆ తేడాను బయటపెట్టింది.

దీన్ని సర్క్యూట్ల పాఠంలో పెట్టి చూడండి. ఒకే రకం బల్బులు రెండు, సిరీస్‌లో. “మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుంది కాబట్టి రెండోది తక్కువ వెలుగుతుంది” అని ఇద్దరు పిల్లలూ రాశారు, ఇద్దరికీ సున్నా. ఇప్పుడు సాయం మెట్లు మెట్లుగా ఇవ్వాలి. మొదట “నీ మాట నిజమో కాదో ఎలా తేలుస్తావు?” అని అడగాలి. తేలకపోతే చేతికి అమ్మీటర్ ఇవ్వాలి. అప్పటికీ కాకపోతే బల్బుకు ముందు, తర్వాత పెట్టి చూడమనాలి. ఒకరు మొదటి ప్రశ్నకే “బల్బుకు రెండు వైపులా కొలుద్దాం” అంటారు. ఇంకొకరు రెండు రీడింగులూ సమానంగా వచ్చినా “మీటర్ సరిగా లేదేమో” అంటారు. ఎవరికి ఏ మెట్టు దాకా సాయం కావాల్సి వచ్చిందో రాసుకుంటే, అదీ జెడ్‌పీడీ గురించి మాట్లాడగలిగే డేటా. పోస్ట్‌టెస్ట్ వద్దని కాదు. సాయంతో వచ్చింది సొంతమైందా లేదా అన్నది చూడటానికి అది కావాలి. అందులోనూ అదే ప్రశ్న ఇస్తే గుర్తుపెట్టుకున్నది రాస్తారు. రెండో బల్బు బదులు రెసిస్టర్ పెట్టి కరెంటు గురించి అడగాలి.

ఇక బాగా చదివే విద్యార్థి. మార్కుల్లో ముందున్నంత మాత్రాన ఆ పనిలో తెలిసిన తోటివాడు అయిపోడు. “రెండూ ఒకేలా వెలుగుతాయి, రాసేసుకోండి” అని ఒకరంటే మిగతా ముగ్గురు రాసేసుకుంటారు. షీటు నిండుతుంది, జవాబు కూడా కరెక్టే. కానీ కరెంటు ఖర్చైపోతుందన్న ఊహ ముగ్గురి తలల్లోనూ చెక్కుచెదరకుండా ఉంటుంది. గ్రూపు మాటలు రికార్డు చేసిన ఆడియో వింటే ఇది ఇట్టే తెలిసిపోతుంది: “ఎందుకు?” అన్న మాట ఒక్కసారీ వినపడదు. పైగా తెలిసినవాళ్లు తెలియనివాళ్లను పైకి లాగుతారన్న గ్యారంటీ లేదు. జొనాథన్ టజ్ 1992లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలు త్రాసు దండ ఎటు ఒరుగుతుందో జంటగా ఊహించాలి. జవాబు తప్పో ఒప్పో చెప్పేవారు లేనప్పుడు, తెలిసిన పిల్లల్లో కొందరు భాగస్వామి తప్పు ఆలోచనకే జారిపోయారు. తమ జవాబు మీద ఎవరికెంత నమ్మకం ఉందన్నది కూడా ఫలితాన్ని మార్చింది. అందుకే గ్రూపులో తప్పో ఒప్పో తేల్చే అమ్మీటర్ లాంటిది ఉండాలి. లేకపోతే గొంతు పెద్దదైనవాళ్ల మాటే చెల్లుతుంది.

స్కాఫోల్డింగ్ అంటే అవసరమైనంత సాయం ఇచ్చి, నేర్చుకునేకొద్దీ దాన్ని తగ్గించుకుంటూ పోవడం. దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వుడ్, బ్రూనర్, రాస్ 1976లో రాసిన వ్యాసంతో వచ్చిన మాట అది, వైగోట్‌స్కీ 1934లోనే చనిపోయాడు. రెండింటినీ కలిపి వాడొచ్చు, కానీ ఎవరిది ఏదో రాయాలి. ఆ వ్యాసంలో సాయం చేసింది ఒక్కో పిల్లవాడి పక్కన కూర్చున్న శిక్షణ ఉన్న పెద్దమనిషి. నలుగురు పిల్లల గ్రూపుకు దాన్ని తెస్తే, సాయాన్ని ఎప్పుడు తగ్గించాలో ఎవరు చూస్తున్నారన్న ప్రశ్నకు మీ డిజైన్‌లో జవాబుండాలి.

వేరే థియరీ అక్కర్లేదన్న మాట ఇంకా ప్రమాదం. గ్రూపులో ఎవరికీ సరైన జవాబు తెలియకపోయినా, అభిప్రాయాలు ఢీకొని నేర్చుకోవడం జరుగుతుంది. అది ఇంకో మనస్తత్వవేత్త పియాజే దారికి దగ్గర. వాలు మీద కదిలే వస్తువుల గురించి క్రిస్టీన్ హోవ్ బృందం చేసిన పనిలో, వేర్వేరు అభిప్రాయాలున్న పిల్లల గ్రూపులు ఎక్కువ ముందుకెళ్లాయి. ఆ ప్రగతి గ్రూపులో ఉన్నప్పుడు కాదు, కొన్ని వారాల తర్వాత పెట్టిన టెస్టులో బయటపడింది. గ్రూప్ వర్క్ అయిన మర్నాడే పోస్ట్‌టెస్ట్ పెట్టి ఆపేసే స్టడీకి ఇలాంటి మార్పు దొరకదు. రెండో పోస్ట్‌టెస్ట్‌కి తేదీ ముందే ప్లాన్‌లో వేసుకోండి.