ఉల్లి నూనె రాస్తే దిండుకి జిడ్డు, జేబుకి చిల్లు

రెండు నెలలు, మూడు సీసాలు. దువ్వెనకి చిక్కే వెంట్రుకలు మాత్రం అలాగే ఉన్నాయి! హాస్టల్ పిల్లల దగ్గర డబ్బులు చెట్లకి కాస్తున్నాయా?

ఉల్లి నూనె 200 మి.లీ. నాలుగు వందలు. సీసా వెనక్కి తిప్పి చూడండి. ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు కదా, కొన్నిటిలో మొదటి పేరే మినరల్ ఆయిల్. ఉల్లి ఎక్కడో చివర్న! ఆ వాసన కప్పడానికి ఇంత సెంటు. తలస్నానం చేశాక కూడా క్లాసులో పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు.

ఉసిరి నూనె చవకే, వాసనా పర్వాలేదు. అందులోనూ చాలావాటిలో అదే మినరల్ ఆయిల్. జిడ్డు వదలాలంటే షాంపూ రెండుసార్లు. ఆ షాంపూ ఖర్చు ఎవరిస్తారు?

మామూలు కొబ్బరి నూనే నయం. వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు చిట్లడం తగ్గిస్తుంది. రెండు చెంచాలు, స్నానానికి గంట ముందు, చాలు. చలికాలం గడ్డకడుతుంది, సీసాని వేడినీళ్లలో పెట్టాలి, అంతే.

అయినా రోజుకి వంద వెంట్రుకలదాకా రాలడం మామూలేనట! జ్వరం వచ్చాక రాలడం మొదలయ్యేదే రెండు మూడు నెలలకి. మరి "ముప్ఫై రోజుల్లో ఆగుతుంది" అని సీసా మీద ఏ ధైర్యంతో అచ్చేస్తారు?