డిశ్చార్జ్ సమ్మరీలో రాయని పని

తిరుపతిలో నన్ను డిశ్చార్జ్ చేసిన రోజు చేతికిచ్చిన సమ్మరీలో చాలా వివరాలున్నాయి. నడుము దగ్గర వెన్నుపూస విరిగిందని, రాడ్లు, స్క్రూలు వేశారని, ఏ మందు ఎన్ని పూటలు వేసుకోవాలని, మళ్లీ ఎప్పుడొచ్చి చూపించుకోవాలని. సర్జన్ పేరుంది, మత్తు డాక్టర్ పేరుంది. కాళ్లు కదలక, నడుము కింద స్పర్శ సరిగా తెలియక వారాల తరబడి మంచం మీదే ఉన్న మనిషికి ఒక్క పుండు కూడా పడలేదన్న సంగతి మాత్రం అందులో లేదు. జరగనిదాన్ని సమ్మరీలో ఎవరు రాస్తారు? కానీ అది అదృష్టం కొద్దీ తప్పిపోయింది కాదు. నర్సులు, ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు రాత్రింబగళ్లు మేలుకుని తప్పించారు. ఆ పని రాసిపెట్టాల్సింది పేషెంటే అనిపించి, వెళ్లే ముందు వాళ్లకు ఒక ఉత్తరం ఇచ్చి వచ్చాను.

ఊళ్లో అమ్మానాన్నలు ఆసుపత్రిలో ఉంటే మనం అమెరికా నుంచి డాక్టరుకు ఫోన్ చేసి థాంక్స్ చెబుతాం. ఆయమ్మ చేతిలో ఐదొందలు పెట్టమని తమ్ముడికి చెబుతాం. డబ్బు ఇవ్వొద్దని నేననను, వాళ్ల జీతాలు తెలిసినవాళ్లెవరూ అనలేరు. కానీ ఆ ఐదొందలు ఎందుకిచ్చామో, వాళ్లు చేసిన ఏ పని వల్ల మన మనిషి క్షేమంగా ఇంటికొచ్చాడో ఎక్కడా ఉండదు. అందుకే ఉత్తరం కావాలి, అందులో పని ఉండాలి. నేను రాసినదాంట్లో కొంత కింద ఇస్తున్నాను. అసలు ఉత్తరంలో అందరి పేర్లూ ఉన్నాయి, ఇక్కడ తీసేశాను.

"సిస్టర్లకూ, ఆయమ్మలకూ, వార్డ్ బాయ్‌లకూ నమస్కారం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా అటూ ఇటూ కదులుతాడు. ఒకేచోట బరువు పడితే ఒళ్లు నొప్పెట్టి తనే కదిలిస్తుంది. నాకు ఆ నొప్పి తెలియదు. ఎముకకూ పరుపుకూ మధ్య కండ నలిగి రక్తం ఆగిపోతున్నా నాకు కబురు రాదు. ఆ కబురు మీరే అయ్యారు. రెండు గంటలకోసారి వచ్చి నన్ను తిప్పారు. ఒకరు భుజాల దగ్గర, ఒకరు నడుము దగ్గర, ఒకరు కాళ్ల దగ్గర నిలబడి, 'ఒకటి, రెండు, మూడు' అనుకుని, వెన్ను మెలిక పడకుండా దుంగను దొర్లించినట్టు మొత్తం మనిషిని ఒకేసారి తిప్పేవారు. రాత్రిపూట మీ వార్డులో ముగ్గురు దొరక్కపోతే నైట్ సిస్టర్ పక్క వార్డుకు వెళ్లి మనిషిని పిలుచుకొచ్చేది. ఒక్కరే లాగేద్దామని మీలో ఎవరూ అనలేదు.

పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుందని, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా మాత్రమే పడుకోబెట్టారు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా గాల్లో ఉంచారు. పీలేరు ఆయమ్మా, దుప్పటి మార్చిన ప్రతిసారీ నువ్వు అరచేత్తో మడతలు సాపు చేసి, 'ఈ ముడత చాలు సార్, ఒళ్లు కొయ్యడానికి' అనేదానివి. తడిసిన బట్ట ఒక్క నిమిషం కూడా నా కింద ఉండనివ్వలేదు. నాకు సిగ్గుగా ఉండేది. నువ్వు మాత్రం మీ ఊరి వానల గురించి మాట్లాడుతూ పని కానిచ్చేదానివి."

ఆ ఉత్తరంలో నేను ఎక్కువ చోటు ఇచ్చింది ఒక తెల్లవారుజాము సంగతికి. అప్పట్లో నా ఊపిరితిత్తుల్లో కఫం చేరిందని ఫిజియోథెరపిస్టు మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టమన్నారు. అది అవసరమే. కానీ తలవైపు బాగా ఎత్తితే ఒళ్లు మెల్లగా కిందికి జారుతుంది. చర్మం దుప్పటికి పట్టుకుని అక్కడే ఉంటుంది, లోపలి కండ, ఎముక కిందికి దిగుతాయి. ఆ లాగుడు వల్ల సన్న రక్తనాళాలు దెబ్బతింటాయి. ఊపిరితిత్తులకు మంచిదైనది పిరుదుల పైన త్రికాస్థి దగ్గర చర్మానికి చెడు చేస్తుంది. రెండూ కాపాడాలంటే ఎప్పుడు ఎత్తాలి, ఎంతసేపు, మళ్లీ ఎప్పుడు దించాలి అన్నది ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

ఆ రోజు నన్ను తిప్పినప్పుడు నైట్ సిస్టర్ సెల్‌ఫోన్ లైటు వేసి త్రికాస్థి దగ్గర చూసింది. పుండు పడబోతుంటే, తెల్లటి ఒంటి మీద అయితే మొదట ఎర్రగా కనిపిస్తుంది. మనలాంటి చామనఛాయ వాళ్లకు ఆ ఎరుపు తెలియదు, పక్క చర్మం కన్నా కాస్త నల్లగా కమిలినట్టు ఉంటుంది, అంతే. ఆమె వేలితో నొక్కి వదిలింది. నొక్కినప్పుడు రంగు పాలిపోయి, వదలగానే మళ్లీ వస్తే రక్తం ఆడుతున్నట్టు. నాకు రంగు మారలేదు. నల్లటి చర్మం మీద అదొక్కటీ నమ్మలేమని చేతి వెనక భాగంతో అక్కడా, పక్కనా తాకి చూసింది. అక్కడ వెచ్చగా, కాస్త గట్టిగా ఉందట. చర్మం ఇంకా చిట్లలేదు. పుండుకు అది మొదటి మెట్టు.

మా తమ్ముడు కొబ్బరినూనె తెచ్చి రుద్దుతానన్నాడు. మన ఇళ్లలో అందరం చేసే పనే. సిస్టర్ ఆపింది. "వద్దన్నా, లోపల కండ ఇప్పటికే నలిగి ఉంది, రుద్దితే ఇంకా చెడుతుంది" అంది. నడుము కింద రింగు దిండు పెడదామంటే అదీ వద్దంది, రింగు అంచు చుట్టూ రక్తం ఆపేస్తుందట. ఎయిర్ బెడ్ ఉంది కదా అంటే, పరుపు కింద చెయ్యి దూర్చి చూసి, గాలి సరిపోక నా నడుము దాదాపు మంచానికి ఆనుతోందని చూపించింది. గాలి సరిచేయించింది. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం మానకూడదని కూడా చెప్పింది.

ఆ రోజు నుంచి వీపు మీద పడుకోబెట్టడం బంద్. ఎడమ, కుడి మాత్రమే. తినేటప్పుడు, ఫిజియో చేసేటప్పుడు తల ఎత్తి, అయిపోగానే దించేవారు. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే సిస్టర్ వచ్చే సిస్టర్‌కు ఆ మచ్చ చూపించి మరీ వెళ్లేది. కొన్ని రోజులకు రంగు మామూలైంది. ఆ తెల్లవారుజామున "నిద్రపోతున్నాడు, లేపడమెందుకు" అనుకుని ఉంటే చర్మం చిట్లేది. చిట్లిన పుండు ఎముక దాకా పోతే మానడానికి నెలలు పడుతుంది, చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. నా కేసులో రాడ్లు ఎంత బాగా వేసినా లాభం ఉండేది కాదు.

దీన్ని "మీ సేవలు మరువలేనివి" అని ఒక్క ముక్కలో రాసేస్తే చదివినవాళ్లకు ఏం తెలుస్తుంది? పై అధికారికి ఆ వాక్యం ఏ వార్డు నుంచి వచ్చినా ఒకటే. రాత్రి ముగ్గురు మనుషులు ఎందుకు కావాలో, ఒక్క మనిషిని తగ్గిస్తే ఏం జరుగుతుందో నా ఉత్తరం చదివితే తెలియాలని నా కోరిక. అందుకే ఒక కాపీ ఇన్‌చార్జ్ సిస్టర్‌కు, ఒకటి నర్సింగ్ సూపరింటెండెంట్‌కు ఇచ్చాను. ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. ఆఫీసు ఫైల్లో పెట్టిన కాగితం వాళ్లదాకా రాదు. వాళ్లలో ఒక్కొక్కరికీ పేరు రాసి, సంతకం పెట్టి విడిగా ఇచ్చాను. రేపు ఇంకోచోట పనికి వెళ్తే చూపించుకుంటారు. మొత్తం తెలుగులోనే రాశాను. మన పిల్లలు పంపే ఇంగ్లీషు ఈమెయిల్ ఆసుపత్రి ఆఫీసులో ఆగిపోతుంది, పీలేరు ఆయమ్మకు దాన్ని చదవడం రాదు.

మీ వాళ్లెవరైనా అక్కడ మంచం మీద ఉంటే, ఫోన్‌లో బీపీ, షుగర్ ఎంత అని అడిగినట్టే మడమలు, నడుము ఎలా ఉన్నాయి, ఎవరు చూశారు అని కూడా అడగండి. ఆ పేర్లు రాసి పెట్టుకోండి. ఉత్తరం రాసే రోజున కావాల్సింది అవే.