తిన్న బంటుని తిరిగి ఇవ్వడం కూడా నేర్పండి

మొన్న ఆదివారం మా మేనల్లుణ్ణి శ్రీకాకుళంలో పిల్లల చెస్ పోటీకి తీసుకెళ్లాను. వాడికి పదకొండేళ్లు. రెండో రౌండ్‌లో అరగంటకే ఓడిపోయి బయటికొచ్చాడు. స్కోర్ షీట్ చూసిన వాళ్ల కోచ్ అందరి ముందూ, "ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగేస్తావేట్రా? ఓపెనింగ్‌లో బంట్లు తినొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అని గట్టిగా అరిచాడు. వాడు తల ఎత్తలేదు.

నాకు కోపం వచ్చింది. పిల్లాణ్ణి తిట్టినందుకు మాత్రమే కాదు, చెప్పిన పాఠం తప్పు కాబట్టి. ఆ గేమ్‌లో వాడు ఓడింది బంట్లు తిన్నందుకు కాదు. తిన్నవాటిలో ఒకటి తిరిగి ఇచ్చేయాల్సిన చోట ఇవ్వలేదు, అందుకు ఓడాడు.

తెల్లపావుల అబ్బాయి వాడి మీద డేనిష్ గాంబిట్ ఆడాడు, అంటే మొదట్లోనే బంట్లు ఎరవేసి దాడికి దిగే ఓపెనింగ్. మొదటి ఐదు ఎత్తులు ఇవి.

```
1.e4 e5  2.d4 exd4  3.c3 dxc3
4.Bc4 cxb2  5.Bxb2
```

ఇక్కడ ఒక్కసారి ఆగి బోర్డు చూడండి. తెలుపు మూడు బంట్లు పోగొట్టుకుంది, నలుపు ఒక్కటి. అంటే మావాడికి రెండు బంట్లు లాభం. కానీ వాడు ఆడిన నాలుగు ఎత్తులూ ఒకే బంటుతో ఆడినవి, ఆ బంటు కూడా ఇప్పుడు బోర్డు మీద లేదు. గుర్రాలు, బిషప్‌లు అన్నీ ఇంట్లోనే కూర్చున్నాయి. అవతలివాడి బిషప్‌లు రెండూ పక్కపక్క గీతల మీద నిలబడి ఒకటి f7 మీద, ఇంకొకటి g7 మీద గురి పెట్టాయి.

మావాడు 5...Nf6 ఆడాడు. పావుని బయటికి తీశాడు, కోచ్ చెప్పినట్టే. 6.e5 అని బంటు ముందుకొచ్చి గుర్రాన్ని తరిమింది. వాడు దాన్ని e4కి దూకించాడు. అప్పుడు 7.Qd5. ఒకే ఎత్తుతో f7 మీద మేట్ బెదిరింపు, e4లో గుర్రం మీద దాడి. వాడు Bb4 చెక్ ఇచ్చాడు, తెల్ల రాజు f1కి తప్పుకున్నాడు, మావాడు కాస్లింగ్ చేసి మేట్ ఆపుకున్నాడు. తెల్ల క్వీన్ హాయిగా గుర్రాన్ని తీసేసింది. ఆ తర్వాత ఆట ఉత్తి లాంఛనమే. స్కోర్ షీట్‌లో Ne4 దగ్గర రెండుసార్లు రబ్బరుతో చెరిపి మళ్లీ రాసిన గుర్తుంది. అంటే అక్కడ వాడికి అనుమానం వచ్చింది. ఏం చెయ్యాలో తెలియలేదు, అంతే.

చెయ్యాల్సింది ఒకటే ఎత్తు, d5. ఆరో ఎత్తుకి ఆడినా సరిపోయేది, ఐదో ఎత్తుకే ఆడితే ఇంకా మంచిది. 5...d5ని ష్లెక్టర్ డిఫెన్స్ అంటారు. 1910లో ఇమాన్యుయెల్ లాస్కర్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌ని 5-5తో సమం చేసిన కార్ల్ ష్లెక్టర్ పేరు మీద వచ్చింది. ఆ ఎత్తు చేసే పని చూడండి. c4 బిషప్‌కీ f7కీ మధ్య బంటు వచ్చి అడ్డం పడుతుంది. మన c8 బిషప్‌కి దారి తెరుచుకుంటుంది. తెలుపు ఆ బంటుని తన e బంటుతో తింటే, ఆ బంటే వచ్చి వాళ్ల బిషప్ దారిలో కూర్చుంటుంది. బిషప్‌తో తింటే 6...Nf6 అని దాని మీదికే వెళ్తాం. అప్పుడు తెలుపు సాధారణంగా ఇలా సాగుతుంది.

```
7.Bxf7+ Kxf7  8.Qxd8 Bb4+
9.Qd2 Bxd2+  10.Nxd2
```

ఎనిమిదో ఎత్తులో క్వీన్ పోయింది కదా అని పిల్లలు కంగారు పడతారు. Bb4 చెక్ పడగానే మూలనున్న h8 రూక్‌కి d8 దాకా దారి తెరుచుకుంటుంది. చెక్‌కి క్వీన్‌ని అడ్డం పెట్టకపోతే తెలుపు దాన్ని ఊరికే పోగొట్టుకుంటుంది. చివరికి లెక్కేస్తే రెండువైపులా ఐదేసి బంట్లు, పావులు సమానం, క్వీన్లు లేవు. ఆ రెండు బిషప్‌ల భయం అక్కడితో అయిపోయింది. మనం తిన్నది ఇచ్చేశాం, బదులుగా ప్రశాంతమైన ఆట కొనుక్కున్నాం.

అసలు టెన్షన్ వద్దనుకునేవాడు 3.c3కి తినకుండా అక్కడే 3...d5 ఆడొచ్చు, అదీ చక్కటి ఆటే. కానీ తినడమే పాపం అన్నట్టు చెప్తే ఏమవుతుందో మూడో రౌండ్‌లో కళ్లారా చూశాను. మావాడిది తెలుపు. 1.e4 e5 2.Nf3 అయ్యాక అవతలి పిల్ల 2...a6 ఆడింది. e5 బంటుకి కాపలా లేదు. మావాడు దాన్ని చూశాడు, చెయ్యి గుర్రం దాకా వెళ్లింది, వెనక్కి తీసుకుని 3.Bc4 ఆడాడు. ఎందుకు తినలేదురా అంటే, "తింటే సార్ తిడతారు మావయ్యా" అన్నాడు.

అక్కడ తినాలి. 3.Nxe5 Qe7 4.Nf3 Qxe4+ అని నలుపు బంటు వెనక్కి తీసుకున్నా 5.Be2 అంటాం. ఇప్పుడు బంట్లు సమానం, కానీ మన గుర్రం, బిషప్ బయట ఉన్నాయి, కాస్లింగ్ ఒక్క ఎత్తు దూరంలో ఉంది. వాళ్ల క్వీన్ ఒంటరిగా నడిబోర్డు మీద నిలబడింది. Nc3 అనగానే అది మళ్లీ పరిగెత్తాలి. ఇక్కడ కూడా తిన్న బంటు తిరిగి వెళ్లిపోయింది, కానీ మనకి ఎత్తులు మిగిలాయి.

అందుకే తినాలా, పావులు తియ్యాలా అని పిల్లల్ని అడగడమే నాకు నచ్చదు. తిన్నాక దాన్ని ఎప్పుడు, ఏ ఎత్తుతో తిరిగి ఇస్తావు అని అడగండి. జవాబు ఉంటే తినొచ్చు. ఒక బంటు విలువ సుమారు మూడు ఎత్తులని పాత లెక్క ఒకటి ఉంది. అది ఉజ్జాయింపే, మధ్యలో దారులన్నీ తెరుచుకుని మన రాజు ఇంకా కదలకుండా ఉంటే మూడు ఎత్తుల వెనకబాటుకి గేమే పోవచ్చు.

తిరిగి ఇచ్చే దారి కష్టమైన చోటు ఒకటుంది, క్వీన్‌తో b2 బంటు తినడం. బంటుతో తింటే ఇంకో బంటుని ఎదురిచ్చి బయటపడొచ్చు. క్వీన్ అంత దూరం వెళ్లాక బంటు ఇచ్చినంత మాత్రాన ఇంటికి రాలేదు, దానికి ఎత్తులే కావాలి. సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్‌లో 7...Qb6, 8...Qxb2 లైన్‌ని పాయిజన్డ్ పాన్, అంటే విషపు బంటు, అంటారు. 1972లో రేక్యవిక్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో ఫిషర్ దాన్ని స్పాస్కీ మీద రెండుసార్లు ఆడాడు. 7వ గేమ్ డ్రా అయింది. 11వ గేమ్‌లో స్పాస్కీ 14.Nb1 అని తన గుర్రాన్ని మొదటి గడికే వెనక్కి తీసుకెళ్లాడు, ఆ గేమ్ ఫిషర్ ఓడిపోయాడు. ఆ లైన్‌ని అంత లోతుగా చదివిన మనిషికే అలా అయింది. కాబట్టి మావాడికి క్వీన్‌తో b2 వైపు వెళ్లొద్దని నేనే చెప్పాను. కానీ ఎందుకు వెళ్లకూడదో బోర్డు పెట్టి చూపించాకే చెప్పాను.

ఆ సాయంత్రం ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని, బ్యాగ్ మీద మడతబోర్డు పరిచి డేనిష్ మళ్లీ పేర్చాం. ఈసారి d5 వాడే ఆడాడు. 7.Bxf7+ నేను తియ్యగానే మొహం మాడ్చుకున్నాడు. Bb4 చెక్ వాడికి వాడే కనిపెట్టడానికి పది నిమిషాలు పట్టింది. రైలు వచ్చేసిందన్నా, "ఆగు మావయ్యా, క్వీన్ ఎటు వెళ్తుందో చూడనీ" అని బోర్డు ముయ్యనివ్వలేదు.