మహారాజశ్రీ మైసెల్ఫ్ గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ మైసెల్ఫ్ గారి సముఖానికి,

మీ పాత శిష్యుడు రాసుకునే లేఖ. ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండలు యథాప్రకారం కాస్తున్నాయి. మీకేం, చల్లగానే ఉంటారు. ఏళ్లు గడిచినా మీలో అక్షరం ముక్క మారదు.

మన పరిచయం మీకు గుర్తుండకపోవచ్చు. డిప్లొమా చివరి ఏడాదిలో ఒక సారు, ఇంటర్వ్యూలో ఇట్లా పరిచయం చేసుకోవాలని మిమ్మల్ని బోర్డు మీద రాశారు. మెకానికల్ బ్రాంచి మొత్తం మిమ్మల్ని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాం. పేరున్న చోట ఖాళీ, ఊరున్న చోట ఖాళీ, మిగతా అంతా అందరికీ ఒకటే. "మైసెల్ఫ్ ఫలానా, ఐయామ్ కమింగ్ ఫ్రమ్ సింగనమల, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై హాబీస్ ఆర్ లిజనింగ్ మ్యూజిక్, మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్‌వర్కింగ్..." మా అమ్మ పొద్దున్నే లేచి కూలీలతో పాటు శనక్కాయ చేనులో కలుపు తీస్తుంది. ఆమెను ఒక్క ముక్కతో ఇంట్లో కూర్చోబెట్టిన ఘనత మీదే.

మొదటి జాబ్ మేళాకు మిమ్మల్ని నోట్లో పెట్టుకుని, ఒకే ఒక్క రెజ్యూమెను ప్లాస్టిక్ స్టిక్ ఫైల్లో పెట్టుకుని బస్సెక్కాను. అనంతపురంలోని ఒక కాలేజీలో 14 స్టాళ్లు పెట్టారు. ఏ స్టాల్ దగ్గర ఎక్కువ మంది ఉంటే అక్కడే మంచి ఉద్యోగం ఉంటుందనుకుని పెద్ద క్యూలో నిలబడ్డాను. గంటన్నర తర్వాత నా వంతు వచ్చింది. బల్ల అవతల కూర్చున్నాయన తల ఎత్తకుండానే "చెప్పు" అన్నాడు. నేను మిమ్మల్ని వదిలాను. మా చెల్లెలు ఏం చదువుతోందో చెప్పే దగ్గరికి వచ్చేసరికి ఆయన వాచీ చూసుకున్నాడు. హార్డ్‌వర్కింగ్, క్విక్ లర్నర్ అన్నాక మాత్రం తల ఎత్తాడు.

"ఈ మధ్య తొందరగా నేర్చుకున్నది ఏంది?"

దీనికి మీరు నాకేమీ నేర్పలేదు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. రెజ్యూమె తీసుకుని పక్కన దొంతరలో పెట్టి "తర్వాత చెప్తాం" అన్నాడు. ఆ పేపరుతో పాటు నా మేళా కూడా అయిపోయింది. రెండో స్టాల్‌లో అడిగితే ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. గేటు బయట జిరాక్స్ బండి దగ్గరికి పరుగెత్తాను. వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ బండాయన ఫోన్లో తెరుచుకోలేదు. తెరుచుకునేసరికి నా ముందు ఇంకో ముప్పై మంది నాలాంటి ఏకపత్రీవ్రతులు. పేజీకి 10 రూపాయలు. తిరిగి లోపలికొచ్చేసరికి రెండు స్టాళ్లు రిజిస్ట్రేషన్ ఆపేసి భోజనానికి లేచాయి.

ఆ సాయంత్రం టవర్ క్లాక్ దగ్గర మా పెద్దమ్మ కూతురు కలిసింది. ఆమె ఒక ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో పనిచేస్తుంది. ఇలాంటి మేళాల్లో బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషి. నేను మిమ్మల్ని మళ్లీ అప్పజెప్పాను. రెండో వాక్యం దగ్గరే చెయ్యెత్తింది.

"రేయ్ అబ్బీ, మీ నాయన సేద్యం చేస్తే నేను నీకు ఏ ఉద్యోగం ఇయ్యల్ల?"

"అందరూ అట్లనే చెప్తారు కదక్కా."

"అందుకే ఎవురూ గుర్తుండరు. మేము వినేది మూడే. ఏం చదివినావు, చేత్తో ఏం చేసినావు, మా బోర్డు మీద ఉండే దాంట్లో నీకు ఏది కావాల. అర నిమిషంలో అయిపోవల్ల. అసలు సంగతి ఏందంటే, నువ్వు చెప్పిందాంట్లో నుంచే నేను ఇంకో ప్రశ్న అడుగుతా. కాబట్టి నీకు జవాబు తెలిసిన చోటికే నన్ను తోలుకోని పో."

మైసెల్ఫ్ గారూ, ఈ చివరి మాట మీకు తగిలిందా? మీ ప్రతి వాక్యం తర్వాతా ఒక గొయ్యి ఉంది. మ్యూజిక్ అంటే ఏ మ్యూజిక్ అంటారు. క్విక్ లర్నర్ అంటే ఏం నేర్చుకున్నావంటారు. రిప్యూటెడ్ కంపెనీలో పనిచేయడమే నా గోల్ అంటే మా కంపెనీ గురించి ఏం తెలుసంటారు. మీరు మమ్మల్ని అంచుదాకా తీసుకెళ్లి, థ్యాంక్యూ చెప్పి వదిలేస్తారు.

అక్కతో కూర్చుని మీకు బదులుగా ఇంకొకటి తయారుచేశాను. కోపగించుకోరంటే వినిపిస్తాను: "నమస్తే సార్. నా పేరు ఫలానా. పోయినేడు డిప్లొమా మెకానికల్ పాసయినాను. ఆరు నెలలు డ్రిప్ పైపుల యూనిట్లో ట్రైనింగ్ చేసినాను. గంటకోసారి పైపు మందం మైక్రోమీటరుతో చూసి రిజిస్టర్లో రాయడం నా పని. మీ బోర్డు మీద క్వాలిటీ ట్రైనీ చూసినాను, దానికే వచ్చినాను. షిఫ్టులకు ఇబ్బంది లేదు." ఫోన్లో టైమర్ పెట్టి చూస్తే అర నిమిషం కూడా పట్టలేదు. దీన్నే తేలిక ఇంగ్లీషులో కూడా చెప్పుకుని చూశాను, ఎందుకంటే పెనుకొండ వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చేవాళ్లలో తమిళం, కన్నడం వాళ్లూ ఉంటారు. బట్టీ మాత్రం పట్టలేదు. డ్రిప్ యూనిట్, మైక్రోమీటరు, క్వాలిటీ ట్రైనీ అనే మూడు మేకులు గుర్తుపెట్టుకుని మాటలు అప్పటికప్పుడు తగిలించాను. బట్టీ పడితే మధ్యలో ఎవరైనా దగ్గినా మళ్లీ "మైసెల్ఫ్" దగ్గర్నుంచి మొదలుపెట్టాలి కదా, అది మీ వంశాచారం.

ఇక కాగితాల సంగతి. రెండో మేళాకు కంపెనీల పట్టిక ముందే వచ్చింది. అర్హతలు చూసుకుంటూ పోతే నాకు పనికొచ్చేవి 5 తేలాయి. మిగతావి బీఫార్మసీ వాళ్లకూ సేల్స్ వాళ్లకూ. ఐదుకు ఐదు కాపీలు చాలనుకున్నాను. అక్క మళ్లీ చెయ్యెత్తింది. స్టాల్‌లో ఇచ్చిన పేపరు అక్కడి దొంతరలోనే ఉండిపోతుందట. ఆ రోజే లోపలి గదిలో ఇంటర్వ్యూకు పిలిస్తే అక్కడి మనిషి ఇంకోటి అడుగుతాడట. అంటే కంపెనీకి రెండు. రిజిస్ట్రేషన్ కౌంటరుకు ఒకటి, నా దగ్గర ఉంచుకోవడానికి ఒకటి, పట్టికలో లేని కంపెనీ వస్తే ఉంటాయని మూడు. మొత్తం 15. ముందు రోజే సప్తగిరి సర్కిల్ దగ్గర తీయించాను. పేజీ 2 రూపాయలు, 30 రూపాయల్లో అయిపోయింది.

స్టిక్ ఫైల్ వద్దని కూడా చెప్పింది. అవి దొంతరలో జారిపోతాయట, సాయంత్రం చూసుకునేటప్పుడు ఒక్కోదాన్నీ విప్పాలట. పైగా హెచ్ఆర్ వాళ్లు మాట్లాడుతూనే పేపరు పై మూలన ఏదో గీస్తారు, ఏ ఉద్యోగానికి పనికొస్తాడు, మళ్లీ పిలవాలా వద్దా అని. ప్లాస్టిక్ మీద పెన్ను పారదు. అందుకని ఒకే పేజీ, పై కుడి మూల ఖాళీ. ఆధార్ నంబరు తీసేశాను, నలుగురి చేతుల్లో తిరిగే కాగితం మీద దాంతో పనేముంది? ఫోన్ నంబరు మాత్రం ఈసారి నాదే వేశాను. మొదటి రెజ్యూమె మీద ఉన్నది మా మామ నంబరు. ఆయన తెలియని నంబరొస్తే బ్యాంకు వాళ్లనుకుని ఎత్తడు.

మేళా రోజు ముందుగా చిన్న క్యూ ఉన్న స్టాల్‌కు వెళ్లాను. అక్కడ తడబడితే తడబడ్డాను. నాకు ముఖ్యమైన స్టాల్‌కు మూడోసారికి చేరాను. అర నిమిషం చెప్పాను. బల్ల అవతలి మేడం తల ఎత్తింది.

"పైపు మందం చుట్టూ ఒకటే ఉంటుందా?"

"ఉండదు మేడం. నాలుగు వైపులా చూసేవాళ్లం. ఒకవైపు పలచగా వస్తే ఆపరేటర్‌కు చెప్తే డై బోల్టులు తిప్పి సెంటర్ చేసేవాడు."

"మైక్రోమీటర్ లీస్ట్ కౌంట్?"

"పాయింట్ జీరో వన్ ఎంఎం."

పై మూలన ఏదో రాసి, లోపలి గదికి వెళ్లమంది. లోపల కూర్చున్నాయన మొదటి మాట ఏమిటో ఊహించండి. "రెజ్యూమె ఉందా?"

బయటికొచ్చాక ప్రతి స్టాల్ దగ్గరా మూడు విషయాలు అడిగాను: మాట్లాడిన వాళ్ల పేరు, మెయిల్ ఎక్కడికి పంపాలి, ఎప్పటిలోగా చెప్తారు. నా దగ్గర ఉంచుకున్న కాపీ వెనుక రాసుకున్నాను. మూడు చోట్ల చెప్పారు. ఒక చోట "మేమే చేస్తాం" అన్నారు. ఇంకో చోట ట్రైనింగ్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అన్నారు, దాని మీద అడ్డగీత గీశాను. జీతం ఇచ్చేవాడు ముందు నా జేబు తడుముతాడా?

మైసెల్ఫ్ గారూ, ఆ తర్వాతి పని మీ తమ్ముడిది కదా, ఎనీ అప్‌డేట్ సార్ గారిది. మొదటి మేళా అయ్యాక ఆయన నా చేత వాట్సాప్‌లో పని చేయించాడు. పొద్దున గులాబీ బొమ్మతో గుడ్ మార్నింగ్ సార్, మధ్యాహ్నం హాయ్ సార్, రాత్రి ఎనీ అప్‌డేట్ సార్. నేనెవరో, ఏ ఉద్యోగమో ఒక్క దాంట్లోనూ లేదు. నాలుగో రోజు నుంచి ఆ స్టాల్ సారు ప్రొఫైల్ ఫోటో నాకు కనబడటం మానేసింది.

ఈసారి ఆ రాత్రే ముగ్గురికీ విడివిడిగా మెయిల్ పెట్టాను. నాలుగు వాక్యాలు. మేడంకు రాసింది ఇది: ఈ రోజు ఫలానా మేళాలో కలిశాను, క్వాలిటీ ట్రైనీ గురించి మాట్లాడాం, పైపు మందం చుట్టూ ఒకటే ఉంటుందా అని మీరు అడిగింది నన్నే, రెజ్యూమె జత చేశాను. ఆ మూడో వాక్యమే ప్రాణం. రోజంతా వందల ముఖాలు చూసినవాళ్లకు పేరు గుర్తుండదు, సంభాషణ గుర్తొస్తుంది. ఫైలు పేరు కూడా `resume_final_new2.pdf` నుంచి నా పేరూ ఉద్యోగం పేరూ ఉండేట్టు మార్చాను. వారంలో చెప్తామన్నారు కాబట్టి వారం దాకా నోరు మూసుకున్నాను. ఎనిమిదో రోజు పదకొండు గంటలకు ఒక్కొక్కరికీ ఒక్క ఫోను చేశాను.

ఒక కంపెనీ ఖాళీలు నిండాయంది. మర్యాదగా చెబితే నిండిన ఖాళీ తెరుచుకోదు, ఒప్పుకుంటాను. ఒకటి ఇప్పటికీ పలకలేదు. మూడోది, మేడం వాళ్లది. "మీ పేపరు దొంతరలో కనబడలేదు, మెయిల్ చూసి పిలుస్తున్నాం" అన్నారు. వచ్చే సోమవారం రాతపరీక్ష, పెనుకొండ దగ్గర. దాని తర్వాత ఏమవుతుందో మీకు రాయను, మీకు సంబంధం లేని విషయం.

ఇట్లు,
సింగనమల కుర్రవాడు

తా.క. 15 కాపీల్లో ఆరు మిగిలాయి. మూడు సోమవారానికి దాచాను. మిగతా మూడింటి వెనుక మా అమ్మ పాల లెక్క రాస్తోంది. హౌస్‌వైఫ్ కదా.