నమూనాగా మొదటి అధ్యాయమే ఎందుకు పంపాలి?

తెలుగు నవలను ఇంగ్లీషులోకి తెస్తానంటూ ప్రచురణకర్తలకు రాసే ఉత్తరాలు కొన్ని చదివాను, కొన్ని నేనూ రాశాను. నావాటితో సహా చాలావాటిలో ఒకటే పొరపాటు కనిపించింది. ఉత్తరం నిండా నవల గొప్పదనం ఉంటుంది, వెనక మొదటి అధ్యాయం జతచేసి ఉంటుంది. చదివే ఎడిటరుకు తరచూ తెలుగు రాదు. నవల గొప్పదన్న సంగతి ఆమె మన మాట మీద నమ్మాల్సిందే. ఇంగ్లీషులో అది నిలబడుతుందా లేదా అన్నది మాత్రం ఆమే తేల్చుకోగలదు. అందుకు పనికొచ్చే పేజీలు మనం పంపాలి.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. భర్త పోయిన కోడలు మామగారింట్లో ఉంటోంది. ఆమె పేరున రాస్తానన్న పొలాన్ని ఆయన అమ్మేశాడు. నవల సగం గడిచాక, పంచాయితీలో నలుగురి ముందు, ఆమె ఆయనతో "నువ్వే చెప్పావు గదా" అంటుంది. అంతకుముందు వరకూ "మామయ్యగారూ, మీరు చెప్పారు గదా" అన్న మనిషి. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది, క్రియ చివర చిన్న మార్పు, అంతే. తెలుగు పాఠకుడి గుండె జల్లుమంటుంది. ఇంగ్లీషులో రెండు వాక్యాలకూ ఒక్కటే 'యూ'.

ఇక్కడ అనువాదకుడికి తోచే దారులు కొన్ని ఉన్నాయి. అడుగున నోట్ పెట్టొచ్చు, కానీ అందరూ ఊపిరి బిగబట్టిన క్షణంలో పాఠకుడి కళ్లు పేజీ కిందికి పోతాయి. "ఆమె గౌరవం మానేసింది" అని ఒక వాక్యం చేర్చొచ్చు, కానీ రచయిత చెప్పకుండా వదిలింది మనం విప్పి చెప్పినట్టవుతుంది. ఏదైనా తిట్టుమాట వాడితే ఇంకా తప్పు, ఎందుకంటే ఆమె తిట్టలేదు. ఇచ్చిన మర్యాదను వెనక్కి తీసుకుంది.

నాకు సరైనదనిపించేది ఇది. 'మామయ్యగారూ' అన్న పిలుపును ఇంగ్లీషులోనూ అలాగే ఉంచాలి. ముందు పేజీల్లో కోడలు ఆయనతో ఆడే ప్రతి మాటా ఆ పిలుపుతో మొదలవ్వాలి, లేదా దానితో ముగియాలి. ఆ ఒక్క వాక్యంలో అది ఉండకూడదు. అప్పుడు తెలుగు రాని చెవికి కూడా ఆ ఖాళీ వినిపిస్తుంది. తెలుగులో ఆ చిన్న మార్పు చేసిన పనిని ఇంగ్లీషులో పదిహేను పేజీల అలవాటు చేయాలి. అందుకే పంచాయితీ పేజీ ఒక్కటే నమూనాగా పంపినా లాభం లేదు. ఆ పిలుపు చెవికి పట్టే సన్నివేశాలు కూడా దానితో కలిపి వెళ్లాలి. ఉత్తరంలో ఈ నిర్ణయానికి ఒక పేరా చాలు: ఇబ్బంది ఏమిటి, ఏ దారులు వద్దనుకున్నాను, ఎందుకు. సమీక్షల నుంచి ఎత్తిపెట్టిన పొగడ్తలకన్నా ఆ పేరా ఎక్కువ నమ్మిస్తుంది.

నమూనా వల్ల ఇంకో ఉపయోగం, పుస్తకం ఎంత పొడవు వస్తుందో తెలియడం. తెలుగు మాటలు లెక్కపెట్టి అంచనా వేస్తే మోసపోతాం. 'ఇంట్లోంచి' మనకు ఒక మాట, ఇంగ్లీషులో తరచూ మూడు. మూలంలో 20 పేజీలు 6,400 ఇంగ్లీషు మాటలయ్యాయనుకోండి, 240 పేజీల నవల దాదాపు 76,800 మాటలవుతుంది. కాగితం ఖర్చు, ధర లెక్కకట్టేవాళ్లకు కావలసింది ఈ సంఖ్య. సంభాషణలు ఎక్కువున్న భాగాన్ని మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి, వర్ణన ఉన్న రెండు పేజీలు కూడా చేసి చూసుకోవాలి.

ఉత్తరంతో పాటు పంపే కథాసంగ్రహంలో ముగింపు దాచకూడదు. అది అట్టమీద రాసే పరిచయం కాదు.

హక్కుల సంగతి ఉత్తరం మొదట్లోనే రావాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువాదం చేసుకునే హక్కు కూడా కాపీరైట్‌లో భాగమే. అది మామూలుగా రచయిత జీవితకాలం, మరణించిన మరుసటి సంవత్సరం నుంచి ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. 1958లో కన్నుమూసిన ఉన్నవ లక్ష్మీనారాయణ జీవించి ఉండగా అచ్చయిన రచనలకు 2018 చివరితో గడువు తీరింది. గడువు తీరనివాటికి తెలుగు ప్రచురణకర్త సరేనంటే చాలదు. రచయిత ఆ హక్కును అతనికి రాతపూర్వకంగా బదలాయించి ఉంటే తప్ప అనుమతి ఇవ్వాల్సింది రచయితో వారసులో. ముగ్గురు వారసులుంటే ముగ్గురి సంతకాలూ తీసుకోవడమే క్షేమం. ఒకరు ఫోనులో "చేసుకోండి" అన్నారని ఏడాదిపాటు పనిచేసి, మిగతా ఇద్దరిలో ఒకరు కుదరదంటే ఆగిపోయిన అనువాదం నాకు తెలుసు. ఆ పేజీలు ఇప్పటికీ సొరుగులోనే ఉన్నాయి.