అమ్మిన రేటు కనిపించింది, కొన్న రేటు మాత్రం కనిపించలేదట!

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. ఊళ్ళో పేరున్న ఆడిటరు గారు, మా నాన్న ఉన్నప్పట్నుంచీ ఎరిగున్న మనిషి, మా అమ్మకి వచ్చిన నోటీసు వాట్సాప్‌లో చూసి ఏమన్నారో తెలుసా? "ఎంతో కొంత పన్ను కట్టేయండి బాబూ, పెద్దావిడ, గొడవ వదిలిపోతుంది." ఎంతో కొంతంట! కాగితాలు చూడలేదు, లెక్క వెయ్యలేదు, ఇల్లు ఎప్పుడు కొన్నారని కూడా అడగలేదు. కూరగాయల బేరమా ఇది?

విషయం ఏమిటంటే, విజయనగరంలో మా ఇల్లు 2023 ఫిబ్రవరిలో అమ్మేశాం. అమ్మ పేరు మీదున్న ఇల్లు, 33 లక్షలకి పోయింది, మొత్తం అకౌంట్‌లోకే తీసుకున్నాం, దస్తావేజులోనూ అంతే రాయించాం. ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి 148ఎ కింద నోటీసు. మీరు 33 లక్షల స్థిరాస్తి అమ్మారు, రిటర్ను వెయ్యలేదు, ఆ మేరకు ఆదాయం పన్నుకి దొరక్కుండా పోయినట్టుంది, ఎందుకు తిరిగి అసెస్‌మెంట్ చెయ్యకూడదో చెప్పండి, అని. అదీ ఎక్కడికి వచ్చిందనుకున్నారు? అమ్మేసిన ఇంటికే! పాన్‌లో పాత అడ్రసుంది కదా. కొనుక్కున్నాయన మంచివాడు కాబట్టి ఫోటో తీసి పంపాడు, లేకపోతే గడువు దాటిపోయేది. అమ్మ అది చూసి "ఏట్రా, నానేటి దొంగతనం చేసినానేటి?" అని ఆ పూట అన్నం ముట్టలేదు. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి ఈ టెన్షన్ అవసరమా?

సరే, ముందు అది అసలు నోటీసో కాదో చూశాం. ఈ రోజుల్లో నోటీసుల్లో కూడా నకిలీలు తిరుగుతున్నాయి. పైన డీఐఎన్ అని ఒక నంబరు ఉంటుంది, ఆదాయపు పన్ను పోర్టల్లో లాగిన్ లేకుండానే అది కొట్టి చూసుకోవచ్చు. అసలుదే.

ఇంతకీ వాళ్ళకి ఎలా తెలిసిందంటారా? 30 లక్షలు, ఆపైన విలువున్న ఏ రిజిస్ట్రేషన్ అయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఏటా ఐటీ వాళ్ళకి లెక్క వెళ్తుంది. మంచిదే, వెళ్ళాలి. నా మంట అది కాదు. ఆ లెక్కలో వెళ్ళేది అమ్మిన రేటొక్కటే. అదే ఇంటికి 2005లో అమ్మ కొన్నప్పటి దస్తావేజు కూడా రిజిస్ట్రేషన్ రికార్డుల్లోనే ఉంది, ఈసీ తీస్తే రెండూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. కంప్యూటర్‌కి మాత్రం ఒక కన్నే పనిచేస్తుంది. కాబట్టి దాని దృష్టిలో మా అమ్మ ఆకాశం నుంచి ఊడిపడ్డ ఇంటిని 33 లక్షలకి అమ్ముకున్న కోటీశ్వరురాలు. మనం నోరు మూసుకు కూర్చుంటే కొన్న ఖర్చు సున్నా అనుకుని మొత్తం లాభమే అని వేసేస్తారు. అమ్మకి 3 లక్షల మినహాయింపు పోగా 30 లక్షల మీద 20 శాతం, సెస్సుతో కలిపి 6 లక్షల 24 వేలు, ఆపైన వడ్డీ, పెనాల్టీ. ఆడిటరు గారి "ఎంతో కొంత" ఎక్కడిదాకా పోగలదో చూశారా?

ఇప్పుడు అసలు లెక్క చెప్తాను, ఎవరికైనా పనికొస్తే పనికొస్తుంది.

అమ్మ పుట్టింటివాళ్ళు పసుపుకుంకాల కింద ఇచ్చిన పొలం అమ్మి 2005లో ఈ ఇల్లు కొంది. దస్తావేజులో 4 లక్షల 20 వేలు, స్టాంపులు రిజిస్ట్రేషన్ కలిపి 48 వేలు. స్టాంపు ఖర్చు కూడా కొన్న ధరలో భాగమే, చాలామంది అది వదిలేస్తారు. మొత్తం 4,68,000. దీన్ని ఇవాళ్టి రూపాయల్లోకి తేవడానికి ప్రభుత్వమే ఏటా ఒక సూచీ ఇస్తుంది. 2005-06కి 117, మేం అమ్మిన 2022-23కి 331. 117తో భాగించి 331తో గుణిస్తే 13,24,000.

2012లో పైన అంతస్తు వేశాం, 9 లక్షలు. ఆ ఏడాది సూచీ 200, కాబట్టి అది 14,89,500 అవుతుంది. 2014-15లో బోరు, ఇంటి వెనక కొత్తగా ప్రహరీ, 1,20,000. సూచీ 240, అంటే 1,65,500. మూడూ కలిపితే 29,79,000. బ్రోకరుకి ట్రాన్స్‌ఫర్ చేసిన 33 వేలు కూడా తీసేస్తే మిగిలిన లాభం 2,88,000. ఇంకే ఆదాయమూ లేదు, బ్యాంకు వడ్డీ ఏదో మూడు వేలు. అరవై దాటిన వాళ్ళకి ఆ ఏడాది పాత పద్ధతిలో 3 లక్షల వరకు పన్ను లేదు, వేరే ఆదాయం లేకపోతే ఆ పరిమితిని ఈ లాభానికీ వాడుకోవచ్చు. అంటే పన్ను సున్నా. అసలు రిటర్ను వెయ్యాల్సిన అవసరమే లేదు. ఇదీ ఆ 33 లక్షల మహా ఆదాయం!

(2024 జులై 23 నుంచి అమ్మినవాళ్ళకి రూలు మారింది. 12.5 శాతం, సూచీ లేదు. ఆ తేదీకి ముందు కొన్న ఇల్లు, స్థలం అయితే పాత లెక్క ప్రకారం తక్కువ పడుతుంటే అదే కట్టొచ్చు, అదీ ఇక్కడ నివాసం ఉండే వ్యక్తులకి, అవిభక్త కుటుంబాలకి. మా లెక్క చూసి కాపీ కొట్టేయకండి.)

నోటితో చెప్తే సరిపోదు కదా, రుజువులు కావాలి. కొన్న ధరకి దస్తావేజు ఒక్కటి చాలు. తలనొప్పంతా పై అంతస్తుతోనే. అమ్మ గోద్రెజ్ బీరువాలో పాత చీరల కింద ఒక గుడ్డ సంచి ఉంది, నాన్న రాసిన లెక్కల పుస్తకం, దాంట్లో సిమెంటు కొట్టు వాళ్ళ గులాబీ రంగు కార్బన్ కాపీలు. కొన్నిటి మీద అక్షరాలు నీలంగా అలుక్కుపోయాయి, తేదీ మాత్రం కనిపిస్తోంది. ఇనుము, సిమెంటు, ఇటుక బిల్లులు, చెక్కుల మీద కట్టినవి కలిపి 6 లక్షల 10 వేల దాకా తేలాయి. మిగిలినది తాపీ మేస్త్రికి, సెంటరింగ్ వాళ్ళకి వారం వారం ఇచ్చిన కూలి. దానికి బిల్లు ఎవడిస్తాడు? శనివారం సాయంత్రం మేస్త్రి దగ్గర జీఎస్టీ ఇన్‌వాయిస్ అడిగితే మర్నాటి నుంచి పనికి రాడు. అసలప్పటికి జీఎస్టీయే పుట్టలేదు. కానీ అమ్మ పాస్‌బుక్‌లో ప్రతి శనివారమూ డబ్బు తీసినట్టుంది, నేను అమ్మకి పంపిన ట్రాన్స్‌ఫర్లూ ఉన్నాయి, నాన్న పుస్తకంలో అవే తేదీల ఎదురుగా మేస్త్రి సంతకాలున్నాయి. వీటికి తోడు పై అంతస్తుకి మున్సిపాలిటీ ఇచ్చిన ప్లాను, ఆ తర్వాత పెరిగిన ఇంటి పన్ను రసీదు, పైన కొత్తగా పెట్టిన కరెంటు మీటరు కాగితం. ఆ అంతస్తు అప్పుడే లేచిందని చెప్పేది ఇవే. ఖర్చు అంతే అయ్యుంటుందని ఒక రిజిస్టర్డ్ వాల్యూయరు చేత రిపోర్టు రాయించాం. అన్నీ కలిపితేనే బలం, ఉత్త వాల్యూయరు రిపోర్టు ఒక్కటే పెడితే పక్కన పడేస్తారు.

హుద్‌హుద్‌లో వెనక రేకులన్నీ ఎగిరిపోయాయి, కిటికీలు పగిలాయి, మళ్ళీ వేయించడానికి 85 వేలు అయింది. అది లెక్కలోకి రాదు. రిపేరు వేరు, ఇంటికి కొత్తగా కలిపింది వేరు. రంగులు, రేకుల మార్పిడి, కుళాయి బాగుచెయ్యడం, ఇవన్నీ రిపేర్లే. తుఫాను ఇల్లు పీకేస్తే మళ్ళీ పెట్టుకోవడం రిపేరంట, విన్నారా? నిబంధన అర్థమైంది, కడుపుమంట మాత్రం తగ్గలేదు.

ఇంతకీ నన్ను అన్నిటికన్నా ఎక్కువ మండించేది నోటీసూ కాదు, ఆడిటరూ కాదు. మా మావయ్య. 2005లో ఇల్లు కొన్నప్పుడు మేం ఇచ్చింది ఐదున్నర లక్షలు. దస్తావేజులో ఎంత రాయించారు? 4 లక్షల 20 వేలు. ఎవరి సలహా? మావయ్యదే. "స్టాంపులు మిగుల్తాయి కదే చెల్లీ, పైది చేతిలో ఇచ్చేద్దాం" అని అమ్మని ఒప్పించాడు. మిగిలింది ఓ పద్నాలుగు పదిహేను వేలు. పోయింది? ఆ లక్షా ముప్పై వేలు ఇవాళ్టి లెక్కలో మూడు లక్షల అరవై ఏడు వేల పైచిలుకు ఖర్చు. అది కాగితం మీద ఉండుంటే మాకు లాభం కాదు, నష్టం తేలేది, మూడు లక్షల గీతకి ఇంత దగ్గరగా వచ్చి ఊపిరి బిగబట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. ఇప్పుడు రిప్లైలో "మేం ఇంకో లక్షా ముప్పై వేలు చేతిలో ఇచ్చామండీ" అని రాయగలమా? దస్తావేజులో ఎంతుందో అంతే. ఆ పైసల గురించి ఆయన ఇరవై ఏళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ "మీ అమ్మకి ఆ రోజు పదిహేను వేలు మిగిల్చింది నేనే" అని చెప్పుకుంటూనే ఉన్నాడు. ఆయన పెత్తనం మీద నడిచిన మా చెల్లి పెళ్ళి సంగతి ఇంకోసారి రాస్తాను, అదో రామాయణం.

రిప్లై మేమే పెట్టాం. అమ్మ పాన్‌తో పోర్టల్లో రిజిస్టర్ చేసి, ఈ-ప్రొసీడింగ్స్‌లో నోటీసు తెరిచి, ఒక పేజీ ఉత్తరం, ఒక పేజీ లెక్క, వరుసగా కాగితాలు. దస్తావేజు, అమ్మిన దస్తావేజు, ఈసీ, ప్లాను, ఇంటి పన్ను రసీదు, బిల్లులు, పాస్‌బుక్ పేజీలు, వాల్యూయరు రిపోర్టు. అమ్మిన ధర ప్రభుత్వ మార్కెట్ విలువ కన్నా ఎక్కువే అని కూడా రాశాం, లేకపోతే ఆ విలువనే అమ్మిన ధరగా పట్టుకునే ప్రమాదముంది. పెట్టాక వచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ దాచుకున్నాం. వాళ్ళకి నచ్చితే ఆర్డరిచ్చి వదిలేస్తారు, నచ్చకపోతే తిరిగి అసెస్‌మెంట్ చెయ్యడానికి 148 నోటీసు వస్తుంది, అప్పుడు రిటర్నుతో ఇవే కాగితాలు మళ్ళీ పెడతాం. నోటీసు చూసి భయపడి జవాబివ్వకుండా వదిలేసిన వాళ్ళకే మొత్తం మీద పడుతుంది.

ఇదంతా రాస్తుంటే మళ్ళీ ఫోన్ మోగింది. మావయ్యే. రాజాం దగ్గర తన సైటు అమ్ముతున్నాడట, ముప్పై ఐదుకి బేరం కుదిరిందట, "కాగితం మీద ఇరవై తొమ్మిదే రాయిద్దాంరా, ముప్పై దాటితే కదా వీళ్ళకి తెలిసేది" అంటున్నాడు. మావయ్యా, ఈ పోస్టు చదువుతున్నావనుకుంటా, అక్కడి మార్కెట్ విలువ ఎంతుందో చూసుకుని అప్పుడు మాట్లాడు. అమ్మని మాత్రం సాక్షి సంతకానికి పిలవకు.