"వాడతారా?" అని అడిగితే ఆటోనగర్ అంతా ఊఁ అంటుంది

"బిజినెస్ సాఫ్ట్‌వేర్ ఐడియా ఉందా? ఇరవై మంది షాపు ఓనర్లను మూడే మూడు ప్రశ్నలు అడగండి. ఇలాంటి యాప్ వస్తే వాడతారా? అందులో ఏమేం ఉండాలి? నెలకు ఎంత ఇస్తారు? పదిహేను మంది వాడతామంటే ఇంకేం ఆలోచించొద్దు, కోడింగ్ మొదలుపెట్టండి."

పోయినేడాది నేను చేసింది అచ్చం ఈ సలహా చెప్పినట్టే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపులకు స్టాక్ యాప్ చేద్దామని పన్నెండు షాపులు తిరిగాను. తొమ్మిది మంది "బాగుంటుంది బాబూ, చేయండి" అన్నారు. మూడు నెలలు కూర్చుని చేసి ఇస్తే, రెండో వారానికి దాన్ని తెరిచినవాళ్లు లేరు. తప్పు వాళ్లది కాదు. ఎండన పడి వచ్చిన కుర్రాడికి మజ్జిగ ఇప్పించి, మొహం మీదే "నాకక్కర్లేదు" అనడానికి మనవాళ్లకు నోరు రాదు. పెళ్లిసంబంధం దగ్గర "చూద్దాం లెండి" అంటే ఏమిటో మనకు బాగా తెలుసు. సాఫ్ట్‌వేర్ దగ్గరకొచ్చేసరికి దాన్నే అవును కింద రాసేసుకుంటాం.

అందుకని రెండో విడత వెళ్లినప్పుడు యాప్ ఊసే ఎత్తలేదు. "ఫలానా పార్టు ఉందనుకుని వెతికితే లేకపోవడం ఆఖరిసారి ఎప్పుడు జరిగిందండీ? అప్పుడేం చేశారు?" అని అడిగాను. ఒకాయన, "మొన్న మంగళవారం" అన్నాడు. కుర్రాణ్ని పక్క షాపుకు పంపి, పది నిమిషాల్లో తెప్పించి, అమ్మేశాడట. గిరాకీ పోలేదు. నేను మూడు నెలలు తలబద్దలు కొట్టుకున్న సమస్యకు ఆయన పెట్టిన ఖర్చు కుర్రాడి నడక.

అయితే అదే మాటల్లో ఇంకోటి బయటపడింది. "స్టాకుదేముంది బాబూ, మెకానిక్కులు చూసి తెస్తామని పట్టుకెళ్లేవే తిరిగి రావు" అన్నాడు. పాత ఆయిల్ సీలు మీద నంబరు చెరిగిపోయి ఉంటుంది. మెకానిక్ రెండు సైజులు తీసుకెళ్తాడు. ఒకటి సరిపోతుంది, రెండోది వెనక్కి రావాలి. దానికి బిల్లు ఉండదు.

"అవి ఎక్కడ రాసుకుంటారు, ఒకసారి చూపిస్తారా?" అన్నాను. నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే, ఎందుకంటే జ్ఞాపకం అతిశయోక్తి చెబుతుంది, కాగితం చెప్పదు. మేకుకు వేలాడుతున్న నోటుబుక్కు తీశాడు. తిరిగొచ్చినవాటికి అడ్డగీత. ఆ నెల పేజీల్లో ఇద్దరం కూర్చుని లెక్కపెడితే 41 పద్దుల్లో ఏడింటికి గీత పడలేదు. వాటికోసం ప్రతి శనివారం సగం పూట కుర్రాడు షెడ్లన్నీ తిరుగుతాడు. అంటే ఈ సమస్యకు ఆయన ఇప్పటికే జీతం కడుతున్నాడు, సొంతంగా ఒక విరుగుడు కూడా కట్టుకున్నాడు. నేను వెతకాల్సింది అదీ. ఎంత గట్టిగా గొణిగినా, దానికోసం ఇంతవరకూ ఏమీ చేయనివాడు రేపు డబ్బు కూడా తీయడు.

ఫీచర్ల సంగతి చిన్నదే. "బార్‌కోడ్ ఉండాలి" అన్నాడు ఇంకో ఓనరు. "అది లేక పోయిన వారం ఏం ఇబ్బంది పడ్డారండీ?" అంటే కాస్త ఆలోచించి, "మా బావమరిది షాపులో ఉందిలే" అన్నాడు.

నెలకెంత ఇస్తారంటే నోటికొచ్చిన అంకె చెబుతారు. దానికి బదులు, షాపుకోసం ఆఖరున కొన్న వస్తువేదో, దానికి డబ్బు ఎవరు తీశారో అడిగితే వేరే కథ వస్తుంది. ఒక షాపులో కౌంటర్ దగ్గరున్న తమ్ముడు అన్నిటికీ సరేనన్నాడు. తీరా చూస్తే ప్రింటరు కొనడానికే అన్నగారు ఆరు నెలలు తిప్పించుకున్నారట. అక్కడ నేను మాట్లాడాల్సింది అన్నగారితో. లెక్కలు రాసే మనిషితోనూ మాట్లాడాలి, కానీ 11వ తేదీ, 20వ తేదీ దగ్గరపడినప్పుడు మాత్రం వెళ్లకండి. నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేసే షాపుల్లో ఆ రోజుల్లో ఆయన తలెత్తడు.

ఇక ఆ సలహాలోని ఇరవైలో పదిహేను లెక్క. నా పన్నెండు షాపుల్లో నాలుగు హోల్‌సేల్ డీలర్లవి. వాళ్లు పెట్టెల లెక్కన అమ్ముతారు, చూసి తేవడమనే మాటే ఉండదు. వాళ్లను కలిపి శాతాలు కడితే అర్థం లేదు. మిగిలిన ఎనిమిది రిటైల్ షాపుల్లో ఐదింట్లో అలాంటి నోటుబుక్కో, క్యాలెండర్ వెనక రాతో కనిపించింది. ఆ ఐదుగురినీ, "శనివారం మీ కుర్రాడితో నేనూ షెడ్లు తిరగనా? పుస్తకం పేజీలు ఫోటో తీసుకోనిస్తారా?" అని అడిగాను. ముగ్గురు సరేనన్నారు. శనివారం వెళ్తే ఇద్దరే పుస్తకం చేతికిచ్చారు. నా లెక్క ఆ ఇద్దరు.

వాళ్లకు సమస్య ఉందని మాత్రమే ఇది చెబుతుంది, కొంటారని కాదు. అది తేలడానికి వెయ్యి రూపాయలు అడ్వాన్సు అడిగాను. ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. నోటుబుక్కు ఆయన ఐదొందలు తీసి, "మిగతాది ఆ ఏడు సరుకులూ తిరిగొచ్చాక" అన్నాడు.